వివరణ ఎక్కడ ఆగుతుంది, విశ్లేషణ ఎక్కడ మొదలవుతుంది: ఒక పద్యం, మూడు జవాబులు

(హనుమకొండలో డిగ్రీ కళాశాలల తెలుగు అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులందరికీ నమస్కారం.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మనం తరచుగా రాసే మాట ఒకటి ఉంది. "విశ్లేషణ లేదు" అని అంచున రాసి, మార్కులు తగ్గించి, తరువాతి పత్రం తీసుకుంటాం. ఆ మాట రాసిన మనకే, ఆ పేజీలో ఏ వాక్యం దగ్గర విశ్లేషణ ఉండవలసిందో, ఉన్నదాన్ని వివరణ అని ఎందుకు అన్నామో అడిగితే వెంటనే చెప్పగలమా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. అందుకని ఈ రోజు సిద్ధాంతాల జోలికి పోకుండా ఒకే పద్యాన్ని, దాని మీద రెండో సంవత్సరం బి.ఏ. విద్యార్థులు ముగ్గురు రాసిన మూడు జవాబులను మీ ముందు పెట్టి, ఒక్కొక్క వాక్యం ఏ పని చేస్తున్నదో మీతో కలిసి చూడాలనుకుంటున్నాను. విద్యార్థుల పేర్లు చెప్పను. వాక్యాలు వాళ్ళవే, అక్షరదోషాలు మాత్రం సరిచేశాను.

ముందుగా ఒక చిన్న మాట. వర్ణన అనే పదాన్ని ఇక్కడ వాడను. మన సాహిత్యంలో వర్ణన కవి చేసే పని, దానికి గొప్ప గౌరవం ఉంది. విద్యార్థి పద్యంలో ఉన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడాన్ని వివరణ అంటాను.

పద్యం మీ అందరికీ కంఠస్థమే. మన బమ్మెర పోతన భాగవతంలో, అష్టమ స్కంధంలో, గజేంద్రుడి మొర విన్న విష్ణువు బయలుదేరే ఘట్టం.

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్క నొత్తడు వివాదప్రోద్ధతశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై

ఇచ్చిన ప్రశ్న "ఈ పద్యంలోని రచనా శిల్పాన్ని విశ్లేషించండి" అని, అంతర్గత మూల్యాంకనం కోసం పది మార్కులకు. ప్రశ్నలోని క్రియను గుర్తుపెట్టుకోండి. "వివరించండి" అని అడిగి, వివరించినందుకు మార్కులు తగ్గించడం అన్యాయం. ప్రతిపదార్థ తాత్పర్యాలు రాయమన్న చోట వివరణే సరైన జవాబు. మనలో కొందరు ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు "వివరించండి", "చర్చించండి", "విశ్లేషించండి" అనే మూడింటినీ పేజీలో మాట తిరిగి రాకుండా ఉండడానికి మార్చి మార్చి వాడతారు. అలా వాడిన ప్రశ్నకు వచ్చిన జవాబును దిద్దేటప్పుడు ఈ రోజు నేను చెప్పబోయేది ఏదీ వర్తించదు. ఇక్కడ మాత్రం అడిగింది విశ్లేషణే.

మొదటి జవాబు ఇది.

"ఈ పద్యం బమ్మెర పోతన రచించిన భాగవతం అష్టమ స్కంధంలోనిది. మొసలి నోట చిక్కిన గజేంద్రుని మొర విన్న విష్ణువు లక్ష్మీదేవికి చెప్పలేదు. శంఖచక్రాలను రెండు చేతుల్లో ధరించలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుని సిద్ధం చేయలేదు. చెవుల దాకా జారిన జుట్టును సవరించుకోలేదు. ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మీదేవి పైటచెంగును కూడా వదలలేదు. అందువల్ల భగవంతునికి భక్తుల మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తున్నది. ఈ పద్యం మత్తేభ వృత్తం. ఇందులో స్వభావోక్తి అలంకారం ఉంది. పోతన సహజ పండితుడు. ఆయన ఈ ఘట్టాన్ని కన్నులకు కట్టినట్లు అద్భుతంగా చిత్రించాడు."

చక్కని చేతిరాత, తప్పులేని తెలుగు. మొదటిసారి దిద్దినప్పుడు నేను ఈ జవాబుకు ఎనిమిది మార్కులు వేశాను. కట్టలో ముప్పై పత్రాలు ఉన్నప్పుడు, చదువుతూ పోతే ఎక్కడా తట్టుకోని జవాబు మన కంటికి మంచి జవాబుగానే కనిపిస్తుంది.

రెండో జవాబు పొట్టిది. గీతలు వంకర, రెండు చోట్ల కొట్టివేతలు.

"ఈ పద్యంల దేవుడు ఏం చేసిండో పోతన చెప్పలే, ఏం చేయలేదో చెప్పిండు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు అని ఆరు ఉన్నయి. పోయిండు అనే మాట ఎక్కడ లేదు. అయినా సదువుతుంటె ఆయన ఉరుకుతున్నట్టే ఉంటది. ఎందుకంటె నడుమ ఆగి చూసే జాగ మనకు ఇయ్యలే."

దీనికి నేను నాలుగు మార్కులు వేశాను. తాత్పర్యం పూర్తిగా రాయలేదు, ఛందస్సు రాయలేదు, అలంకారం రాయలేదు, భాష ఇంట్లో మాట్లాడినట్టుగా ఉంది అన్నవి నాలుగు కారణాలు. ఆ రోజు పక్కన కూర్చొని దిద్దుతున్న సహోద్యోగి ఈ రెండు పత్రాలనూ తీసుకొని చదివి, "ఈ పిల్లవాడు పద్యం చదివిండు సార్, ఆ అమ్మాయి అర్థం చదివింది" అన్నారు. ఆ మాట విన్న తరువాత రెండు పత్రాలనూ మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈ ప్రసంగానికి బీజం అక్కడే పడింది.

మొదటి జవాబులోని వాక్యాలను విడదీసి చూద్దాం. "లక్ష్మీదేవికి చెప్పలేదు" నుంచి "వదలలేదు" వరకు ఉన్న ఆరు వాక్యాలూ పద్యానికి తాత్పర్యం. వీటిలో ఒక్కటీ తప్పు కాదు. అయితే వీటితో ఎవరైనా వాదానికి దిగగలరా? "సంధింపడు" అంటే ధరించలేదు అని రాస్తే అది సరైన అర్థమో తప్పు అర్థమో నిఘంటువు చూసి తేల్చవచ్చు. అంతకు మించి మాట్లాడుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఒక వాక్యం నిజమా అబద్ధమా అన్నది పద్యంలోకి ఒకసారి తొంగిచూస్తే తేలిపోతుంటే, ఆ వాక్యం వివరణ. పద్యం చదివిన ఇద్దరు మనుషులు దాని గురించి విభేదించి, మళ్ళీ పద్యంలోని మాటల దగ్గరికే వెళ్ళి వాదించుకోవలసి వస్తే, ఆ వాక్యం విశ్లేషణ వైపు అడుగు వేసినట్టు.

ఈ ఒక్క గీటురాయి చాలదు. "పోతన ఈ ఘట్టాన్ని అద్భుతంగా చిత్రించాడు" అన్న వాక్యంతో కూడా విభేదించవచ్చు, అద్భుతంగా లేదు అనవచ్చు. కాని ఆ విభేదం మనల్ని పద్యంలోని ఏ మాట దగ్గరికీ తీసుకుపోదు. అందుకే రెండో పరీక్ష ఒకటి పెట్టుకున్నాను. వాక్యాన్ని ఇక్కడి నుంచి ఎత్తి, అదే ఘట్టంలోని మరొక పద్యం పక్కన పెట్టి చూస్తాను. "లా వొక్కింతయు లేదు" పద్యం గురించి కూడా "కన్నులకు కట్టినట్లు అద్భుతంగా చిత్రించాడు" అని రాయవచ్చు. "కల డందురు దీనుల యెడ" గురించీ రాయవచ్చు. ఎక్కడ పెట్టినా నిలిచే వాక్యం ఈ పద్యం గురించి ఏమీ చెప్పలేదన్న మాట. అది మెప్పు. విద్యార్థికి పోతన మీద ఉన్న భక్తిని నేను తక్కువ చేయడం లేదు. మనమే తరగతిలో అలా మాట్లాడతాం, వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారు. అయినా మార్కు వేసే చోట ఆ వాక్యం ఖాళీ వాక్యమే.

"మత్తేభ వృత్తం", "స్వభావోక్తి అలంకారం" అన్న వాక్యాల దగ్గర మనం ఎక్కువగా మోసపోతాం, ఎందుకంటే అవి శాస్త్ర పదాలు. శాస్త్ర పదం కనిపించగానే విశ్లేషణ జరిగిందని మన చేయి మార్కు వేసేస్తుంది. నిజానికి జరిగింది పేరు పెట్టడం. వైద్యుడు జ్వరానికి పేరు చెప్పినంత మాత్రాన అది ఎందుకు వచ్చిందో చెప్పినట్టు కాదు. ఇంకొకరైతే ఇంకా ముందుకు వెళ్ళి స, భ, ర, న, మ, య, వ గణాలు వేసి, పద్నాలుగో అక్షరం యతిస్థానం అని, మొదటి పాదంలో "సి"కి "జే"తో యతి అని చూపిస్తారు. అది శ్రమతో కూడిన పని, ఛందస్సు ప్రశ్నకు నిండు మార్కులు ఇవ్వవలసిన పని. కాని రచనా శిల్పాన్ని విశ్లేషించమన్నప్పుడు, ఆ వృత్తం ఇక్కడ ఏం చేస్తున్నదో చెప్పనంతవరకు అది కూడా వివరణే. ఆ పేరును పనిలో పెట్టడం ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి పాదం "సంధింప డే" దగ్గర ముగుస్తుంది, ఆ "ఏ" రెండో పాదంలోని "పరివారంబును" అన్న మాటకు చెందినది. రెండో పాదం "ఆకర్ణికాం" దగ్గర తెగి, మూడో పాదంలో "తర" అని కొనసాగుతుంది. మూడో పాదం చివర "కుచో" దగ్గర కూడా సమాసం మధ్యలోనే పాదం విరుగుతుంది. నాలుగు పాదాల్లో మూడింటి చివర కూడా ఆగడానికి చోటు లేదు. ఈ సంగతిని గమనించి, అది బయలుదేరేవాడి తొందరతో ఎలా కలుస్తున్నదో ఒక్క వాక్యం రాస్తే, వృత్తం పేరు చెప్పకపోయినా అది విశ్లేషణ. రెండో విద్యార్థి "నడుమ ఆగి చూసే జాగ మనకు ఇయ్యలే" అన్నది ఇదే. అతనికి యతి, పాదం అన్న పరిభాష చేతిలో లేదు, చెవికి మాత్రం పట్టింది.

ఇక "అందువల్ల" అన్న మాట. మొదటి జవాబులో "అందువల్ల భగవంతునికి భక్తుల మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తున్నది" అన్న వాక్యం విశ్లేషణలా కనిపిస్తుంది. కారణం, ఫలితం రెండూ ఉన్నట్టు అనిపిస్తుంది. కాని ఆ "అందువల్ల" దేన్ని దేనితో కలుపుతున్నదో చూడండి. ఒకవైపు కథలో జరిగింది, ఇంకొకవైపు కథకు నీతి. పోతన మాటలు ఈ లెక్కలో ఎక్కడా లేవు. ఇదే కథను గద్యంలో ఎవరు చెప్పినా, బొమ్మలో ఎవరు గీసినా అదే "అందువల్ల" అలాగే సరిపోతుంది. కవి వాడిన మాటకు, ఆ మాట మన మీద వేసిన ముద్రకు మధ్య "అందువల్ల" పడినప్పుడే దానికి మార్కు. దిద్దేటప్పుడు నేను ఇప్పుడు "అందువల్ల", "కాబట్టి", "దీనినిబట్టి" అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, దానికి ఎడమ వైపు ఏముందో చూస్తాను. ఎడమ వైపు పద్యంలోని మాట ఉంటే ఆగి చదువుతాను. సంఘటన మాత్రమే ఉంటే ముందుకు వెళతాను.

ఇదే సందర్భంలో మన ప్రాంతంలో అందరికీ తెలిసిన చాటు కథ ఒకటి చాలా పత్రాల్లో వస్తుంది. శ్రీనాథుడు ఈ పద్యాన్ని ఆక్షేపించాడని, ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడని అడిగాడని, పోతన బావిలో బండ వేయించి బిడ్డ పడిపోయాడని అరిపిస్తే శ్రీనాథుడు తాడూ నిచ్చెనా లేకుండా పరుగెత్తాడని. ఈ కథను చరిత్రగా రాస్తే అది మార్కు ఇవ్వదగినది కాదు. అయితే ఒక విద్యార్థి ఈ కథ చెప్పి, "సంధింపడు అన్న మాటకు ఆక్షేపణ రాగలదని జనం కూడా గుర్తించారు, అందుకే ఆ కథ పుట్టింది" అని రాసిందని అనుకోండి. అప్పుడు అదే కథ ఆధారంగా మారింది. ఏ సరుకూ దానంతట అది వివరణా కాదు, విశ్లేషణా కాదు. ఆ తరువాతి వాక్యం దానితో ఏం పని చేయించిందన్నదే లెక్క.

అందుకే వాక్యాలను ఒంటరిగా తీసుకొని మార్కులు వేయవద్దని నా మనవి. రెండో జవాబులో "ఆరు ఉన్నయి" అన్న వాక్యాన్ని చూడండి. అది లెక్క. తొంగిచూస్తే తేలిపోయేది, కాబట్టి నా మొదటి గీటురాయి ప్రకారం వివరణే. అయితే మొదటి జవాబులో కూడా అవే ఆరు ఉన్నాయి, అక్కడ అవి కథ నడిచిన వరుసలో వచ్చాయి. ఇక్కడ అతడు సిరిని, శంఖాన్ని, గరుడుణ్ణి పక్కకు తీసి, క్రియలను మాత్రమే ఏరి ఒక వరుసలో పెట్టాడు. ఏరడం అంటే అప్పటికే ఒక నిర్ణయం తీసుకున్నాడన్న మాట. తరువాతి వాక్యంలో ఆ నిర్ణయాన్ని వాడుకున్నాడు: "పోయిండు అనే మాట ఎక్కడ లేదు." ఇది కూడా తొంగిచూస్తే తేలేదే, కాని ఎవరూ అడగని చోట తొంగిచూశాడు. ఆ పైన "అయినా సదువుతుంటె ఆయన ఉరుకుతున్నట్టే ఉంటది" అన్న వాక్యం వచ్చింది. పద్యంలో లేని మాటకు, చదివేవాడికి కలిగే అనుభవానికి మధ్య ఉన్న వింత సంబంధాన్ని అది పట్టుకుంది. దీనితో వాదించవచ్చు. ఆ వేగం క్రియల వల్ల వచ్చిందా, వృత్తం వల్ల వచ్చిందా అని అడగవచ్చు. ఈ వాక్యాన్ని "లా వొక్కింతయు లేదు" పక్కన పెడితే నిలవదు, ఎందుకంటే అక్కడ గజేంద్రుడికి ఏం జరుగుతున్నదో చెప్పే క్రియలు వరుసగా ఉన్నాయి.

ఆ పిల్లవాడు పట్టుకున్నది ఎంత గట్టిదో చూపించడానికి ఇంకొంచెం ముందుకు వెళతాను. దీని ముందు పద్యం "అల వైకుంఠపురంబులో". అది "సంరంభియై" అని ముగుస్తుంది. మన పద్యం "ఉత్సాహియై" అని ముగుస్తుంది. రెండు పద్యాలూ అసమాపకంగానే ఆగుతాయి. మధ్యలో వచ్చిన సమాపక క్రియలన్నీ వ్యతిరేకాలే. ఆ తరువాత "తనవెంటన్ సిరి" పద్యంలో "వచ్చి రొయ్యన" అని రావడాన్ని చెప్పే క్రియ వస్తుంది, కాని అది వెనుక వచ్చేవాళ్ళది. సిరి, పరివారం, పక్షీంద్రుడు, శంఖచక్రాలు, అంటే ఇక్కడ చెప్పని, పిలవని, పన్నించని, ధరించని వాళ్ళూ వస్తువులూ అన్నీ అక్కడ పిలవకుండానే వెంట వస్తాయి. రెండో సంవత్సరం విద్యార్థి ఇంత దూరం వెళ్ళాలని నేను కోరడం లేదు. అతడు వేసిన అడుగు సరైన దిక్కుకే పడిందని మాత్రం చెబుతున్నాను.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "పద్యంల", "చేసిండు", "ఇయ్యలే" అని రాసినందుకు నేను మార్కులు తగ్గించాను. అది నా పొరపాటు. భాషకు ఉంచిన మార్కులు, వాక్యం చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పిందా లేదా అన్నదానికి. అతని వాక్యాల్లో ఒక్కటి కూడా రెండోసారి చదవవలసి రాలేదు. జవాబుకు ఎత్తుగడ లేదు, పద్యం ఎక్కడిదో చెప్పలేదు. తగ్గించవలసి ఉంటే అక్కడ తగ్గించాలి. పుస్తక భాషలో రాసిన వివరణను విశ్లేషణ అనుకోవడం, ఇంటి భాషలో రాసిన విశ్లేషణను అసలు చూడకపోవడం అనే రెండు తప్పులూ ఒకే చూపు నుంచి పుట్టినవి. మన జిల్లాల్లో పల్లె నుంచి వచ్చే పిల్లలు మన ముందుకు తెచ్చే పత్రాల్లో సగం ఇలాంటివే కాబట్టి దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

మూడో జవాబు తీసుకుందాం. దీనికి నేను మొదట మూడు మార్కులే వేశాను.

"విష్ణువు లక్ష్మీదేవికి చెప్పకుండా వెళ్ళడంలో కవి ఆమెను తక్కువ చేశాడని నాకు అనిపించింది. పద్యం సిరి అనే మాటతో మొదలవుతుంది, మూడో పాదం చివరి సమాసంలో శ్రీ అని మళ్ళీ వస్తుంది. రెండు చోట్ల ఉన్నా ఆమె ఒక్క మాట మాట్లాడదు."

నేను అడ్డంగా గీత గీసి "అపార్థం" అని రాశాను. పద్యం అలా చెప్పడం లేదని నాకు తోచింది, తోచడంతోనే ఆగాను. నెమ్మదిగా చూస్తే ఇందులో మూడు వాక్యాలు మూడు రకాలుగా ఉన్నాయి. రెండోది నిజమైన పరిశీలన. సిరి అన్నది శ్రీకి తద్భవం, ఒకే పేరు రెండు రూపాల్లో పద్యం మొదట ఒకసారి, చివరి క్రియ దగ్గర ఒకసారి ఉందన్న సంగతిని ఈ అమ్మాయి కనిపెట్టింది. మూడోది ఆ పరిశీలన నుంచి తీసిన ముక్క, అదీ నిజమే. మొదటి వాక్యం మాత్రం ఈ రెండూ మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పెట్టింది. తక్కువ చేశాడు అనాలంటే, "వీడడు" అన్న చివరి క్రియకు సమాధానం చెప్పాలి. తక్కువ చేసినవాడు ఆమె చెంగు పట్టుకొని ఎందుకు ఉన్నాడు? జవాబులో దాని ప్రస్తావన లేదు. ప్రతికూలమైన ఆధారాన్ని వదిలేసిన విశ్లేషణ బలహీనమైన విశ్లేషణ. బలహీనమైనదైనా అది విశ్లేషణే. మొదటి జవాబులో ఏ తప్పూ లేదు, ఎందుకంటే తప్పు చేయడానికి వీలున్న ఏ మాటా అందులో లేదు.

ఇంకొక సంగతి చెబితే ఆ "అపార్థం" అన్న మాట నాకు ఇప్పటికీ ఎందుకు గుచ్చుకుంటున్నదో మీకు అర్థమవుతుంది. ఇదే ఘట్టంలో కొంచెం ముందుకు వెళితే "అడిగెద నని కడువడి జను, నడిగిన దను మగుడ నుడువ డని నడ యుడుగున్" అని వస్తుంది. లక్ష్మి అడుగుదామని వేగంగా వెళుతుంది, అడిగినా బదులు చెప్పడని ఆగిపోతుంది. అంటే ఆమె మౌనం పోతనకు పట్టింది. ఆ అమ్మాయి ఎత్తిన ప్రశ్నను కవి స్వయంగా ఇంకొక చోట ఎత్తుకున్నాడు. తక్కువ చేశాడన్న నిర్ధారణను నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని నేను రాయవలసింది "అపార్థం" కాదు. "వీడడు అన్న మాటను ఎలా సమన్వయిస్తావు? తరువాతి పద్యాలు చూశావా?" అని రాయవలసింది.

ఇప్పుడు మార్కులు. పదిలో నాలుగు అర్థం సరిగా పట్టుకున్నందుకు, నాలుగు విశ్లేషణకు, రెండు స్పష్టతకూ కూర్పుకూ అని నేను విడదీసుకుంటాను. విశ్లేషించమన్న ప్రశ్నకు అర్థానికి నాలుగు ఎక్కువని కొందరు మిత్రులు అంటారు. "సంధింపడు" అర్థం తెలియకుండా చేసిన విశ్లేషణ గాలిలో మేడ కాబట్టి డిగ్రీ స్థాయిలో ఆ నాలుగు ఉండాలనే నా అభిప్రాయం. ఈ లెక్కన మొదటి జవాబుకు అర్థానికి నాలుగు, విశ్లేషణకు సున్న, కూర్పుకు రెండు, మొత్తం ఆరు. రెండోదానికి అర్థం పూర్తిగా రాయకపోయినా తెలిసిందని పత్రం చూపిస్తున్నది కాబట్టి మూడు, విశ్లేషణకు మూడు, కూర్పుకు ఒకటి, మొత్తం ఏడు. మూడోదానికి మూడు, రెండు, ఒకటి, మొత్తం ఆరు. ఎనిమిది, నాలుగు, మూడు అన్నవి ఆరు, ఏడు, ఆరు అయ్యాయి. వివరణ రాసిన విద్యార్థి నష్టపోలేదు, చక్కగా ఉత్తీర్ణురాలైంది. చేయని పనికి మార్కులు రాలేదంతే.

ఒక ఇబ్బందిని మాత్రం ఈ పద్ధతి తీర్చలేదు. గైడులో ఉన్న విశ్లేషణను కంఠస్థం చేసి రాసినప్పుడు, పేజీ మీద అది విశ్లేషణలాగే ఉంటుంది. మూల్యాంకన కేంద్రంలో ఒకే వాక్యం పది పత్రాల్లో కనిపించినప్పుడు మనకు తెలుస్తుంది, ఒక్క పత్రంలో కనిపిస్తే తెలియదు. నేను చూసే గుర్తు ఒకటి ఉంది. కంఠస్థం చేసిన పరిశీలన ఒంటరిగా నిలబడి ఉంటుంది, దానికి ముందు వాక్యంలో దాన్ని పుట్టించిన మాట ఉండదు, తరువాతి వాక్యం దాన్ని వాడుకోదు. "వ్యతిరేక క్రియల ద్వారా కవి త్వరను సాధించాడు" అని రాసి, ఒక్క క్రియను కూడా చూపకుండా, వెంటనే "పోతన ఓరుగల్లు ప్రాంతంవాడు" అని మొదలుపెడితే, ఆ వాక్యానికి నాలుగింటిలో ఒకటి ఇస్తాను. విద్యార్థి మనసులో ఏముందో నిర్ణయించే అధికారం నాకు లేదు, పేజీ మీద ఆధారం ఉందా లేదా అన్నది చెప్పగలను.

మొదటి జవాబు రాసిన అమ్మాయి దగ్గరికి వచ్చి ఆపుతాను. ఆమె పత్రాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు "విశ్లేషణ లేదు" అని రాయలేదు. ఆ మాట చదివి ఏ విద్యార్థి అయినా ఏం చేయగలడు? ఇంకొక అలంకారం పేరు చేరుస్తాడు, ఇంకొక మెప్పు వాక్యం చేరుస్తాడు. ఆమె రాసిన "పైటచెంగును కూడా వదలలేదు" అన్న వాక్యం పక్కన ఒక ప్రశ్న రాశాను: "పై అయిదింటికీ ఈ ఆరవదానికీ తేడా ఏమిటి?" తాత్పర్యం తెలిసిన విద్యార్థికి ఈ ప్రశ్నకు జవాబు ఆమె రాసిన వాక్యాల్లోనే ఉంది. వారం తరువాత ఆమె ఒక పేరా రాసి తెచ్చింది.

"మొదటి అయిదూ విష్ణువు చేపట్టని పనులు. ఆరవది ఆయన విడిచిపెట్టని వస్తువు. అన్నీ 'డు' తోనే ముగుస్తాయి కాబట్టి చదివేటప్పుడు ఒకే రకంగా వినిపిస్తాయి, కాని చివరిది తిరగబడింది. చేదోయి అన్నాడు కవి. ఆ చేతుల్లోకి శంఖచక్రాలు రాలేదు, పైటచెంగు మాత్రం ఉండిపోయింది. కాబట్టి ఆయన ఖాళీ చేతులతో వెళ్ళలేదు."

చివరి వాక్యంలోని "కాబట్టి" మీద పెన్సిలు చుక్క పెట్టి ఎడమ వైపు చూశాను. అక్కడ "చేదోయి" ఉంది. "చేదోయి" మొదటి పాదంలోది, "చేలాంచలం" నాలుగో పాదంలోది, ఆ రెండింటినీ నేను ఇన్నేళ్ళు పాఠం చెబుతూ ఎన్నడూ కలిపి చూడలేదు. ఆ పేరాను కలుపుకొని మొత్తం జవాబుకు తొమ్మిది వేశాను. ఆయుధాలు ఉండవలసిన చేతుల్లో చెంగు ఉండడం చదివేవాళ్ళకు ఏమవుతుందో, నవ్వు వస్తుందో, దయ కలుగుతుందో, ఆమె రాయలేదు. మిగిలిన ఆ ఒక్క మార్కు అక్కడ ఆపాను, అది ఎందుకు ఆపానో పేరా కింద రాసి ఇచ్చాను.